లిఫ్ట్ మోగితే ఎవరు దిగాలి?

అందరికీ నమస్కారం. పోయిన నెల ఇదే హాల్లో వెన్నునొప్పి మీద సెషన్ జరిగినప్పుడు అందరం లేచి నిలబడి భుజాలు తిప్పాం. ఇవాళ అలాంటిదేమీ లేదు, హాయిగా కూర్చోండి. నేను డాక్టర్ని కాదు, కౌన్సెలర్ని కాదు. మీకు తెలిసిందే, ఆపరేషన్స్‌లో ఉంటాను. ఒంటి బరువు మీద వేసే జోకుల గురించి ఎవరు మాట్లాడతారని హెచ్‌ఆర్ వాళ్లు అడిగితే నేనే చెయ్యెత్తాను. ఎందుకంటే ఇందులో తప్పు చేసిన అనుభవం నాకుంది.

పదకొండేళ్ల కిందటి మాట. అప్పుడు నేను వేరే కంపెనీలో ఉండేవాణ్ని, ఆఫీసు ఐదో అంతస్తులో. ఒకరోజు పొద్దున లిఫ్ట్‌లో ఆరుగురం ఉన్నాం. తలుపులు మూసుకోబోతుంటే మా టీమ్‌లోనే ఒకాయన పరుగున వచ్చి ఎక్కారు. నాకంటే రెండేళ్లు పెద్ద, నేను అన్నా అని పిలిచేవాణ్ని. కాస్త భారీ మనిషి. ఆయన కాలు లోపల పెట్టగానే లిఫ్ట్ కూతపెట్టింది. నా నోరు ఊరుకోలేదు. "అన్నా, నువ్వొక్కడివి దిగితే ఇంకో ఇద్దర్ని ఎక్కించుకుంటాం" అన్నాను. అందరూ నవ్వారు. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే. "పోండి పోండి, లగేజీ వెనకాల వస్తుందిలే" అని దిగిపోయారు. తలుపులు మూసుకున్నాయి. మేం పైకి చేరేలోపే నేనా సంగతి మర్చిపోయాను.

ఆయన మర్చిపోలేదు. ఆ తర్వాత ఆ ఆఫీసులో ఉన్న ఏడాదిన్నరా మనుషులున్న లిఫ్ట్ ఎక్కలేదు. ఐదంతస్తులూ మెట్లెక్కేవారు. తొమ్మిదిన్నర మీటింగ్‌కి చెమట ఆరి, ఊపిరి కుదుటపడాలి కదా, అందుకని తొమ్మిదికే వచ్చేవారు. సొరుగులో మడతపెట్టిన ఇంకో చొక్కా ఉండేది. మేం అదంతా చూసి "ఏంటన్నా, ఫిట్‌నెస్సా?" అనేవాళ్లం. అదింకో జోకు.

ఇదంతా నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఇద్దరం ఆ కంపెనీ వదిలేశాక ఒకసారి కలిసి టీ తాగుతుంటే ఆయనే మామూలుగా చెప్పారు, కోపంగా కూడా కాదు. ఇవాళ ఇక్కడ చెప్పనా అని అడిగితే, పేరు చెప్పకుండా చెప్పుకో అన్నారు.

ఒక్క చిన్న సంగతి. లిఫ్ట్ మనుషుల్ని విడివిడిగా తూచదు. లోపలున్న అందరి బరువూ, మన బ్యాగులూ, ల్యాప్‌టాప్‌లూ కలిపి పరిమితి దాటితే కూత పెడుతుంది. ఆ రోజు ఆ కూతలో నా వంతు కూడా ఉంది. కానీ చివర ఎక్కిన మనిషి లావుగా ఉన్నాడు కాబట్టి మా అందరి బరువూ ఆయన నెత్తిన పెట్టేశాం.

"ఆయన కూడా నవ్వాడు కదండీ" అని మీలో ఎవరో ఒకరు అనుకుంటూ ఉంటారు. నేనూ ఏళ్లపాటు అలాగే అనుకున్నాను. ఒక్కసారి ఆయన చోట నిలబడి చూడండి. కోప్పడితే, "జోకు కూడా తట్టుకోలేడు" అంటాం. మౌనంగా ఉంటే లిఫ్ట్ మొత్తం ఇబ్బందిపడుతుంది, ఆ నింద కూడా ఆయన మీదికే వస్తుంది. నవ్వేస్తే రెండు సెకన్లలో అయిపోతుంది. అన్నిట్లో చవకైన దారి అదే. తనమీద తనే జోకులు వేసుకునే లావు మనుషులు మీకు తెలిసే ఉంటారు. "మనవాడు భలే సరదా" అంటాం. కొందరికి నిజంగానే సరదా కావచ్చు. చాలామందికి మాత్రం అది ఎదుటివాడు గట్టిగా కొట్టేలోపు తనంతట తనే మెల్లగా కొట్టుకోవడం. పిల్లికి చెలగాటం అంటారే, అందులో రెండో సగం మనకి వినపడదు. ఎలుక కూడా నవ్వుతూనే ఉంటుంది మరి.

జోకు అక్కడితో ముగిసిపోతే ఇవాళ ఈ సెషన్ అవసరమే లేదు. అది మళ్లీ ఎదురవకుండా ఉండాలని ఆ మనిషి తన రోజునే మార్చుకుంటాడు. మన దగ్గరే చూడండి. గ్రూప్ ఫొటో అనగానే వెనక్కి వెళ్లి ఇంకొకరి భుజం చాటున నిలబడేవాళ్లున్నారు. క్యాంటీన్ ఖాళీ అయ్యాక ఒంటరిగా తినేవాళ్లున్నారు. పుట్టినరోజు కేకు కోస్తుంటే సరిగ్గా అప్పుడే ఫోన్ వచ్చి బయటికి వెళ్లేవాళ్లున్నారు, ఎందుకంటే ముక్క తీసుకున్నా కామెంటే, వద్దన్నా కామెంటే. సమస్యకి జవాబు తెలిసి కూడా లేచి బోర్డు దగ్గరికి వెళ్లని మనిషి గురించి ఆలోచించండి. పదిమంది ముందు వీపు చూపించి నిలబడాలి కాబట్టి వెళ్లడు. మేనేజర్‌గా నేను అప్రైజల్‌లో "చొరవ తక్కువ" అని రాస్తాను.

ఇక రెండో మాట, "మేం వాళ్ల ఆరోగ్యం కోసమే అంటున్నాం" అనేది. దీనికి జవాబు పరిశోధనల్లో ఉంది. అమెరికాలో ఆరు వేల మందికి పైగా పెద్దవాళ్లను నాలుగేళ్ల తేడాతో పరిశీలించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. మొదట ఊబకాయం లేనివాళ్లలో, బరువు వల్ల వివక్ష ఎదురైందని చెప్పినవాళ్లు ఆ తర్వాత ఊబకాయంలోకి వెళ్లే అవకాశం మిగతావాళ్ల కంటే దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. వివక్షే కారణమని అది తేల్చలేదు. కానీ వెక్కిరిస్తే మనిషి సన్నబడతాడనే లెక్కకి ఎదురు తిరిగే అంకె ఇది. అందులో వింతేమీ లేదు. అవమానం ఒత్తిడి పెంచుతుంది. ఒత్తిడిలో నిద్ర చెడుతుంది, ఆకలి అదుపు తప్పుతుంది. పదిమందిలో నడవడానికి, ఈదడానికి, జిమ్‌కి వెళ్లడానికి సిగ్గు. డాక్టరు దగ్గరికెళ్తే ముందు బరువు గురించే నాలుగు మాటలు పడాలని భయం. 2020లో అనేక దేశాల నిపుణులు, వైద్య సంఘాలు కలిసి ఇలాంటి చులకన మనిషికి శారీరకంగా, మానసికంగా హాని చేస్తుందని ఉమ్మడి ప్రకటనే ఇచ్చారు.

"నోరు కట్టుకుంటే తగ్గిపోతుంది" అన్నంత తేలిక కూడా కాదు. చిన్నప్పుడే విడిపోయి వేరే ఇళ్లలో పెరిగిన కవలల మీద 1990లో వచ్చిన అధ్యయనంలో, పెరిగిన ఇల్లు వేరైనా ఒకే రూపు కవలల బరువుల్లో గట్టి పోలిక కనిపించింది. థైరాయిడ్, పీసీఓఎస్, స్టెరాయిడ్లు, కొన్ని డిప్రెషన్ మందులు, ఇన్సులిన్ కూడా బరువు పెంచగలవు. నైట్ షిఫ్టుల సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుతాను. ఇలాంటి ప్రసంగాల్లో మామూలుగా ఒక కథ వస్తుంది. ఎవర్నో ఏడిపిస్తారు, చివర్లో ఆ మనిషికి పెద్ద జబ్బుందని తెలుస్తుంది, అందరూ పాపం అని తల దించుకుంటారు. నాకా కథ నచ్చదు. జబ్బేమీ లేకపోతే ఏడిపించడం సరే అన్నట్టు ఉంటుంది అది. మా అన్నకి జబ్బుందో లేదో నేను అడగలేదు, అడగను. తినడమంటే ఇష్టమై లావైనా సరే, లిఫ్ట్ ఎక్కడానికి ఆయన మెడికల్ సర్టిఫికెట్ చూపించక్కర్లేదు.

సన్నగా ఉన్నవాళ్ల గురించీ చెప్పాలి. "ఇంట్లో అన్నం పెట్టట్లేదా", "ఫ్యాను వేస్తే ఎగిరిపోతావ్" అనేవి జోకులే కావని మనకో నమ్మకం. అవీ ఇదే కోవలోవి. మెచ్చుకోలు కూడా కాస్త చూసి వాడాలి. నేనొకసారి ఒకావిడతో "బాగా తగ్గారు, రహస్యమేంటో చెప్పండి" అన్నాను. మూడు నెలల కింద వాళ్ల అమ్మ పోయారట. ఆవిడ "ఏం లేదండీ" అని నవ్వారు. మళ్లీ నవ్వే, గమనించారా?

టీ తాగుతున్న రోజుకి మళ్లీ వస్తాను. విన్నాక నేను క్షమాపణ అడిగాను. సరిగ్గా కూడా అడగలేదు. "నేనేదో సరదాకి, నాకు తెలీదు" అంటూ నన్ను నేను వెనకేసుకొచ్చాను. ఆయన మధ్యలోనే ఆపి ఒక మాట అన్నారు. "నువ్వన్న మాట కంటే నాకు గుర్తున్నది వేరే. లోపల ఆరుగురున్నారు. ఒక్కడు కూడా నేను దిగుతానులే అనలేదు."

అందుకే జోకులు వేసేవాళ్ల కంటే పక్కనుండి వినేవాళ్లతోనే నాకు ఎక్కువ పని. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. లావు మనిషి తరఫున నిలబడి వాదిస్తే ఆ మనిషి ఇంకా నలిగిపోతాడు. నవ్వకపోతే చాలు. నవ్వు రాని జోకు రెండోసారి బతకడం కష్టం. "ఏమన్నావ్, అర్థం కాలేదు" అని మామూలు గొంతుతో అడిగి చూడండి. బరువు మీద జోకుని విడమర్చి చెప్పడం ఎవరికైనా చచ్చేంత కష్టం. లేదా మాట మార్చేయండి, "రిలీజ్ ఎప్పుడు?" అనండి, అంతే. తర్వాత జోకు వేసినవాణ్ని పక్కకి పిలిచి ఒక్క ముక్క చెప్పండి. వాడు మీ ఫ్రెండ్ అయితే ఇంకా తేలిక.

ఇప్పటికే అనేసినవాళ్లు, నాలాంటివాళ్లు, ఒక పని చెయ్యొచ్చు. ఒంటరిగా ఉన్నప్పుడు, ఒక్క వాక్యంలో, "ఆ రోజు నేనన్నది తప్పు, ఇంక అనను" అని చెప్పి ఊరుకోండి. సరదాకి అన్నానని కలపొద్దు. "పర్లేదు" అని వాళ్లచేత అనిపించుకునేదాకా అక్కడే నిలబడొద్దు. చనువున్న చోట ఎలాగండీ అని పొద్దున ఒకరు అడిగారు. చనువుంటే ముద్దుపేర్లు పెట్టుకోండి, క్రికెట్లో అవుటైన తీరు మీద ఏడిపించుకోండి, కోడ్‌లో బగ్గుల మీద వారం రోజులు ఆడుకోండి. ఏడిపించుకోవడానికి మనకి విషయాలకేం కరువు?

చివరిగా మన ఇంటి సంగతులు రెండు, రెండిట్లోనూ తప్పు మాదే. వచ్చే నెల టీమ్ డే టీషర్టుల కోసం సైజుల షీట్ అందరికీ కనిపించేలా గ్రూప్‌లో పెట్టాం. అందులో ఒక సైజు పక్కన ఎవరో నవ్వుతున్న బొమ్మ పెట్టారు. ఎవరని నేను వెతకట్లేదు. ఆ షీట్ నిన్న సాయంత్రం తీసేశాం. సైజు ఎవరికి వాళ్లు ఫారంలో నింపండి, అది అడ్మిన్‌లో ఒక్కరికే కనపడుతుంది. ఇదివరకు నింపినవాళ్లు మళ్లీ నింపక్కర్లేదు. రెండోది, పోయినేడు "ఎవరు ఎక్కువ కిలోలు తగ్గారు" అని బోర్డు పెట్టి బహుమతి ఇచ్చాం కదా, ఈసారి అది లేదు. దాని బదులు ఏం చెయ్యాలో మీ దగ్గర ఐడియాలుంటే ఇప్పుడు చెప్పండి, మైకు వెనక వరుస నుంచి మొదలుపెడదాం. ముందు వరుస వాళ్లు ఎలాగూ ఆగరు.