వాలుగ ఎముక

పొందూరులో తేజ వాళ్ల మామ్మ కాంతమ్మ రాట్నం ముందు కూర్చునేసరికే సగం పని అయిపోయి ఉంటుంది. గింజతో ఉన్న కొండపత్తిని ముందు వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతుంది. ఆ ఎముకకు వరసలుగా సన్నటి పళ్లుంటాయి. పత్తిని వాటి మీదుగా లాగితే పీచంతా ఒకే వైపుకి తిరుగుతుంది, నలక కింద రాలిపోతుంది. తర్వాత చెక్క బల్ల మీద ఇనప కడ్డీ దొర్లించి గింజ వేరు చేస్తుంది. విల్లుతో ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో పెడుతుంది. వడకడం ఆ తర్వాత. ఊరికి వచ్చి ఫొటోలు తీసుకునేవాళ్లందరూ రాట్నం దగ్గరే ఆగిపోతారు. తొమ్మిదో తరగతి చదువుతున్న తేజ కూడా అక్కడే ఆగిపోయాడు. వాడిని తప్పు పట్టబుద్ధి కాదు. ఇంట్లో రోజూ జరిగే పనిని కెమెరా పట్టుకుని చూడటం పెద్దవాళ్లకే రాదు.

అక్టోబరు 2న బడిలో గాంధీ జయంతికి ప్రొజెక్టర్ మీద వేయడానికి మూడు నిమిషాల వీడియో చెయ్యమని సోషల్ మేడమ్ వాడికి చెప్పారు. "రాట్నం అందరికీ తెలుసు. ఆ ఎముకతో దువ్వడం దగ్గరగా చూపించు. దాన్ని ఈ ఊరి పిల్లలే సరిగా చూసి ఉండరు," అన్నారు.

బాబాయి ఫోన్ అడిగి తీసుకుని ఒక ఆదివారమంతా షూట్ చేశాడు. మామ్మ రాట్నం తిప్పుతుంటే గుమ్మంలోంచి, మంచం ఎక్కి, నేల మీద పడుకుని తీశాడు. మామ్మ పొద్దున్నే పెరటి అరుగు మీద పత్తి దువ్వుకున్నప్పుడు మాత్రం వాడు వీధిలో సైకిల్ చక్రం తిరగడం తీస్తున్నాడు. రాట్నం చక్రం పక్కన సైకిల్ చక్రం పెడితే సినిమాలా ఉంటుందని ఆలోచన. ఆలోచన బాగానే ఉంది కూడా.

వాడి ధైర్యమంతా ఫోన్లోని ఎడిటింగ్ యాప్ మీద. అంతకుముందు తమ్ముడి పుట్టినరోజు వీడియోకి పాట కలిపాడు, అక్షరాలు ఎగిరేలా చేశాడు, నల్లగా వచ్చిన షాట్‌ని వెలుగులోకి తెచ్చాడు. ఇంట్లో అందరూ నోరు తెరుచుకుని చూశారు. అప్పట్నుంచి ఏది ఎలా తీసినా తర్వాత సరిచేసేయొచ్చని వాడికి గట్టి నమ్మకం.

రాత్రి కూర్చుని క్లిప్పులన్నీ వరసగా పేర్చాడు. రాట్నం ఉంది, నూలు ఉంది, మామ్మ నవ్వు ఉంది. దువ్వడం లేదు. వెతగ్గా వెతగ్గా ఒక క్లిప్పులో దొరికింది. వీధి గుమ్మంలోంచి తీసిన షాట్‌లో, వెనకెక్కడో పెరటి అరుగు మీద మామ్మ అగ్గిపుల్లంత కనిపిస్తోంది. చేతులు కదులుతున్నాయి.

"దొరికింది," అనుకుని రెండు వేళ్లతో జూమ్ చేశాడు. మామ్మ పెద్దదైంది, కానీ చేతుల బదులు రెండు గోధుమరంగు మచ్చలు వచ్చాయి. ఎముక ఏదో, వేలు ఏదో తెలియలేదు. షార్ప్‌నెస్ చివరిదాకా పెంచాడు. మచ్చలకు అంచులు వచ్చాయి. పోనీ నెమ్మదిగా నడిపితే తెలుస్తుందేమోనని స్పీడ్ పావు వంతుకి తగ్గించాడు. మామ్మ చెయ్యి ఒకచోట ఆగి, మరోచోట ఊడిపడింది. మధ్యలో లాగడం అనేదే లేదు.

ఫోన్ యాప్ చిన్నది కాబట్టి ఇలా అయిందని వాడికి అనిపించింది. మర్నాడు సాయంత్రం బాబాయితో కలిసి బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లాడు. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర సందులో మేడ మీద రమణన్న స్టూడియో ఉంది. పెళ్లి వీడియోలు చేస్తాడు. పెద్ద కంప్యూటర్, రెండు మానిటర్లు.

రమణన్న క్లిప్ వేసి చూశాడు. నవ్వలేదు. అది తేజకి నచ్చింది.

"తమ్ముడూ, ఈ బొమ్మ అడ్డంగా 1920 చుక్కలు. మీ మామ్మ చేతులకి ఇందులో వచ్చినవి నూటయాభై కూడా ఉండవు. నువ్వు దాన్ని తెరంత చేస్తే, ఇది పక్క చుక్కల రంగులు చూసి మధ్యలో పూరిస్తాది. పన్ను ఆ చుక్కల్లో పడనే లేదు. పడనిది ఎక్కణ్ణుంచి తెస్తాది?"

"మరి స్లో మోషనో?"

"నువ్వు తీసింది సెకనుకి 30 ఫ్రేములు. నాలుగింతలు నెమ్మది చేస్తే సెకనుకి ఏడో ఎనిమిదో మిగుల్తాయి. అందుకే గెంతుతోంది. నెమ్మదిగా కావాలంటే తీసేటప్పుడే 120 పెట్టి తియ్యాల."

"సినిమాల్లో అన్నీ చేస్తారు గదన్నా."

"వాళ్లు అంతకు పదింతలు తీసి పెట్టుకుంటారు. ఆనక కోస్తారు." రమణన్న కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. "మొన్నామధ్య ఒక పెళ్లి. సరిగ్గా జీలకర్ర బెల్లం టయానికి లైట్లు పోయాయి. కెమెరాలో చీకటి తప్ప ఏటీ నేదు. పెళ్లికూతురి నాన్న వచ్చి, ఎంతైనా ఇస్తాను, ఆ ముక్క పెట్టు బాబూ అన్నాడు. నా దగ్గరుంటే ఊరికే ఇచ్చేవోడిని. ఆయన అలా చీకటి క్లిప్ చూస్తా కూర్చున్నాడు. మంత్రాలు వినిపిస్తున్నాయి గదా, అవి ఉంచి, ముందు తీసిన కొబ్బరి బొండం షాట్ వేశాను. నా వల్ల అయ్యింది అంతే."

తర్వాత తేజ క్లిప్పులన్నీ ఒకసారి చూసి, రాట్నం చప్పుడు ఫ్యాన్ చప్పుడులో కలిసిపోయిందని కూడా చెప్పాడు. ఫ్యాన్ మోతని కొంచెం తగ్గించొచ్చట. తగ్గించినకొద్దీ రాట్నం గొంతు కూడా పోతుందట. డబ్బులు తీసుకోలేదు. "ఎల్లి మళ్లీ తియ్యి. కిటికీ పక్కన కూచోబెట్టు. ఫ్యాన్ ఆపు. చేతుల దగ్గరికి నువ్వే ఎల్లు, జూమ్ ఎల్లకూడదు," అన్నాడు.

తిరుగు బస్సులో తేజకి ఏడుపు రాలేదు. ఎప్పుడు ఇంటికెళ్లి తీద్దామా అనే ఉంది.

ఇంటికి రాగానే, "మామ్మా, రేపు పత్తి దువ్వుతావా?" అని అడిగాడు.

"పత్తేదిరా? ఉన్నదంతా ఆదివారమే దువ్వీసినాను గదా. ఖాదీ సంఘంవోళ్లు దసరా ఎల్లాక గానీ ఇవ్వరు. దొప్పలో ఏకులున్నాయి, అయ్యే."

తేజ దొప్ప తెరిచి చూశాడు. తెల్లటి ఏకులు. వాటిని మళ్లీ గింజలున్న పత్తిగా ఎవరూ చెయ్యలేరు. రాట్నం మీద వేలు పెట్టి వెనక్కి ఒక చుట్టు తిప్పి వదిలేశాడు. టెన్షన్‌తో ఆ రాత్రి అన్నం సగమే తిన్నాడు.

పక్కింట్లో జయమ్మ ఉంటుంది. ఆమె దగ్గర ఇంకా బుట్టెడు పత్తి ఉంది. మర్నాడు బడి వదిలాక తేజ ఫోన్ పట్టుకుని వాళ్ల పెరట్లోకి వెళ్లాడు. ఈసారి వెంటనే తియ్యలేదు. పక్కన కూర్చుని చూశాడు. పుట్టినప్పట్నుంచి చూస్తున్న పనిలో వాడికి కొత్త సంగతులు కనిపించాయి. జయమ్మ పత్తికాయ తునకని చిటికెలో పట్టుకుంటుంది. మొదటి లాగు మెల్లగా లాగుతుంది. పీచు దారి ఇచ్చాక వేగం వస్తుంది. పళ్ల మీద పీచు జారినప్పుడు, చెవి పెడితే తప్ప వినపడనంత సన్నగా సర్రుమంటుంది. చివరికి గింజ చుట్టూ పీచు, వెలుతురుకి ఎదురుగా పెడితే, విచ్చుకుని నిలబడుతుంది. ఆ నిలబడిన పీచు కోసమే మేడమ్ అడిగారని వాడికి అప్పుడు తెలిసింది. మోకాళ్ల మీద కూర్చుని, మోచేతులు తొడలకు ఆనించి, 120 పెట్టి తీశాడు. ఎముక ఒక్కటే మళ్లీ తీశాడు. రాలిన నలక తీశాడు. జయమ్మ "ఇంకా ఎంతసేపురా" అనేదాకా తీశాడు.

షాట్ అద్భుతంగా వచ్చింది. చిక్కొకటే. జయమ్మది ఎడమ చేతి వాటం. మామ్మది కుడి. జయమ్మ మొహం షాట్లో లేదు, ఇద్దరివీ ఆకుపచ్చ మట్టిగాజులే. యాప్‌లో మిర్రర్ అని ఒక బటన్ ఉంది. నొక్కితే ఎడమ కుడి అవుతుంది. నొక్కాడు. జయమ్మ చేతులు మామ్మ చేతులైపోయాయి. ముందు మామ్మ రాట్నం దగ్గరికి నడిచొచ్చే షాట్, తర్వాత ఈ చేతులు, తర్వాత మామ్మ నవ్వు. అతుకు కనిపించలేదు. ఈ పని మాత్రం యాప్ ఒక్క నొక్కుకే చేసిపెట్టింది.

మామ్మని పిలిచి చూపించాడు. ఆమె కళ్లజోడు తుడుచుకుని ఫోన్ దగ్గరగా పెట్టుకుంది. చేతులు వచ్చినచోట కనుబొమలు ముడిచింది.

"ఇది జయమ్మ గదా?"

"నీకెలా తెలిసింది?"

"మొదటి లాగు అలా బుజ్జగించి లాగేది ఈ వీధిలో అదొక్కతే. నాను ఇసురుగా లాగీస్తాను, అందుకే నా దగ్గర పీచు తెగుద్ది. దాని నూలు నా నూలు కన్నా సన్నం. సంఘంలో అడుగు, సెప్తారు." మళ్లీ చూసింది. "జయమ్మ కుడిసేత్తో ఎప్పుడు దువ్వింది?"

తేజ మాట్లాడలేదు.

"నాను సెయ్యలేనని ఎవులైనా అన్నారేటి, దాని సేతులు నాకు అతికించినావు?"

"నువ్వు చేస్తున్నప్పుడు నేను తియ్యలేదు మామ్మా."

"తియ్యకపోతే నేదు. దానికేటి?" అని ఫోన్ వాడి చేతికిచ్చి, "ఆ ముసిల్దాన్ని ఏ సినిమావోడూ తియ్యనేదు. రాట్నం అని అందరూ నా గుమ్మంలోకే వస్తారు," అంది.

ఆ రాత్రి తేజ మిర్రర్ తీసేశాడు. మామ్మ నడిచొచ్చే షాట్ కూడా తీసేశాడు. వీడియో ఇప్పుడు జయమ్మ పెరట్లో మొదలవుతుంది. ఎడమ చెయ్యి, వాలుగ ఎముక, నిలబడిన పీచు. తర్వాత మామ్మ రాట్నం, ఫ్యాన్ ఆపి మళ్లీ తీసినది. గింజ తియ్యడం, విల్లుతో ఏకడం రెండూ వాడి దగ్గర లేవు. వాటికి నల్ల తెర మీద చెరో వాక్యం రాశాడు. సైకిల్ చక్రం తీసేయడానికి మనసు ఒప్పలేదు గానీ మూడు నిమిషాల్లో చోటు లేదు.

చివర పేర్లు వేయాలి. పొద్దున్నే గోడ దగ్గర నిలబడి జయమ్మని పిలిచాడు.

"అప్పా, నీ పేరు వీడియోలో వేస్తున్నాను. ఎలా రాయను?"

జయమ్మ చేతిలో పని ఆపింది. "బడిలో అందరూ చూస్తారేటి?"

"అందరూ."

"అయితే జయమ్మ అని ముక్కలా రాయకు. రేషన్ కార్డు తెస్తానుండు, అందులో ఉన్నట్టు రాయి," అంటూ లోపలికి వెళ్లింది.