తప్పు ఉంటే విడిగా చెప్పండి సార్, గ్రూపులో వద్దు

నమస్తే సార్,

ఇది గ్రూపులో అడగాల్సిన మాట కాదు కాబట్టి మీ ఒక్కరికే రాస్తున్నాను. తీరిక చూసుకుని చదవండి. వెంటనే జవాబు ఇవ్వక్కర్లేదు.

అడిగేది ఒక్కటే. ఎవరి పనిలోనైనా తప్పు కనిపిస్తే ఆ మనిషికే చెప్పండి. ఫోన్లో గానీ, విడిగా మెసేజ్‌లో గానీ, మీ క్యాబిన్‌లో గానీ. పేరు పెట్టి, ఫొటో పెట్టి డిస్పాచ్ గ్రూపులో మాత్రం వద్దు. తప్పు చూపించొద్దని ఎవరం అనడం లేదు. మందుల సరుకులో చూసీ చూడనట్టు వదిలేసే తప్పు ఉండదని మాకూ తెలుసు.

మంగళవారం గుడివాడ రూటు సంగతే చూడండి. ఇన్సులిన్ మామూలు అట్టపెట్టెలో వెళ్లింది, థర్మాకోల్ పెట్టె లేదు, ఐస్ ప్యాక్ లేదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన సరుకు. షాపాయన వాపసు పంపడం న్యాయం, మీకు కోపం రావడమూ న్యాయమే. రాత్రి 9.40కి మీరు ఆ పెట్టె ఫొటో పెట్టి, సురేష్‌ని ట్యాగ్ చేసి, "కళ్లు ఎక్కడ పెట్టుకుని ప్యాక్ చేస్తున్నావ్? రేపటి నుంచి రావాలని లేదా?" అని రాశారు. గ్రూపులో 26 మందిమి ఉన్నాం: బిల్లింగ్, ప్యాకింగ్, డెలివరీ, సేల్స్, ఓనర్ గారు. పది నిమిషాల్లో కింద నాలుగు బొటనవేళ్లు, సేల్స్‌లో ఒకరి నవ్వు బొమ్మ. సురేష్ "సారీ సార్" అని ఊరుకున్నాడు.

అసలు జరిగింది వేరు. అది కొత్త ప్యాకు. సాఫ్ట్‌వేర్‌లో ఆ ఐటెమ్ తెరిచినప్పుడు ఫ్రిజ్ గుర్తు పెట్టలేదు. ఆ పొరపాటు మా బిల్లింగ్‌ది. గుర్తు లేకపోతే ప్యాకింగ్ స్లిప్ మీద "ఫ్రిజ్" అని ప్రింటు కాదు. ఫ్రిజ్‌లోంచి తీసి ట్రేలో పెట్టింది ఒకరు, ట్రేలోంచి పెట్టెలోకి సర్దింది సురేష్. ఆ రోజు స్లిప్‌లో లేనిది అతనికి తెలిసే దారి లేదు. ఈ మాట గురువారం సాయంత్రం దాకా బయటికి రాలేదు. మధ్యలో బుధవారం అదే ఐటెమ్‌కి ఇంకో రెండు స్లిప్పులు గుర్తు లేకుండానే వచ్చాయి. ఫ్రిజ్ దగ్గరున్న అబ్బాయి చూసి ఆపాడు కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి మీరు ఫోన్ చేసి "ఏం జరిగింది సురేష్?" అని అడిగి ఉంటే, "స్లిప్‌లో లేదు సార్" అనేవాడు. తెల్లారి మొదటి బిల్లు కొట్టేలోపు సరిచేసేవాళ్లం. గ్రూపులో అదే మాట అంటే ఎదురు చెప్పినట్టు అవుతుంది, బిల్లింగ్ వాళ్ల మీదికి తోసినట్టూ అవుతుంది. అందుకే నోరు మూసుకున్నాడు.

నన్ను ఎక్కువ బాధపెడుతున్నది ఇదే సార్. ఇప్పుడు తప్పులు తగ్గలేదు, దాచడం పెరిగింది. టెల్మిసార్టన్ 40 బదులు టెల్మిసార్టన్ హెచ్ పడితే, ఇదివరకు "అక్కా, మారిపోయింది" అని నా దగ్గరికి వచ్చేవాళ్లు. ఇప్పుడు తమలో తాము మార్చేసుకుంటున్నారు. మార్చిన స్ట్రిప్ బ్యాచ్ నంబరు బిల్లులోని నంబరుతో కలవదు. వాపసు వచ్చినప్పుడో, కంపెనీ ఒక బ్యాచ్‌ని వెనక్కి అడిగినప్పుడో ఆ సరుకు ఏ షాపుకి పోయిందో మనం చెప్పలేం. ఇంకొకటి: ప్యాకింగ్‌లో సగం మంది గ్రూపుని మ్యూట్‌లో పెట్టారు. శుక్రవారం ఏలూరు బండి ఆగిపోయిందని మీరు పెట్టిన మెసేజ్ చాలామంది 40 నిమిషాలకి చూశారు. తిట్లు వచ్చే చోట పని మాట కూడా ఎవరి కంటా పడదు.

ఒకరికి చెబితే అందరూ జాగ్రత్తపడతారని మీరు అనొచ్చు. పాఠం అందరికీ చేరాలి, ఒప్పుకుంటాను. పేరు చేరక్కర్లేదు. గురువారం మీరు ఇలా పెట్టి ఉంటే సరిపోయేది:

"ఇన్సులిన్ కొత్త ప్యాకుకి స్లిప్‌లో ఫ్రిజ్ గుర్తు రావడం లేదు, బిల్లింగ్ సరిచేస్తోంది. అప్పటిదాకా ఫ్రిజ్‌లోంచి తీసిన ఏ సరుకైనా ట్రేలో నీలం స్టిక్కరుతో పెట్టండి. ఐస్ ప్యాక్ నేరుగా ఇన్సులిన్‌కి తగలకుండా మధ్యలో అట్ట పెట్టండి, గడ్డకడితే అదీ పాడైనట్టే."

ఇందులో ఎవరి పేరూ లేదు, చేయాల్సిన పని మాత్రం పూర్తిగా ఉంది.

బండి గేటు దాటబోతోంది, అప్పుడు విడిగా మాట్లాడే టైం ఉండదు. అలాంటప్పుడు గ్రూపులోనే పెట్టండి, కానీ ఆపాల్సింది ఏమిటో మాత్రమే: "గుడివాడ బండి ఆపండి, 14వ పెట్టె దించండి, ఇన్సులిన్ ఉంది." ఎవరు ప్యాక్ చేశారన్నది బండి వెళ్లాక చూసుకోవచ్చు.

మిగతా రోజుల్లో మీ పని పెరగకుండా ఇలా అనుకుంటున్నాను. షాపు నుంచి ఫొటో రాగానే బిల్లు నంబరుతో సహా ఆ మనిషికి విడిగా పంపండి. గ్రూపులోనే వచ్చిందనుకోండి, ఆ మెసేజ్‌ని నొక్కి పట్టుకుంటే మెనూలో "Reply privately" ఉంటుంది, అది నొక్కితే అదే మెసేజ్‌తో విడి చాట్ తెరుచుకుంటుంది. రాత్రి అయితే "రేపు పొద్దున మాట్లాడదాం" అని రాయకండి సార్, ఆ ఒక్క ముక్కకి రాత్రంతా నిద్ర ఉండదు. పొద్దున 9.30కి లోడింగ్ మొదలయ్యేలోపు ఐదు నిమిషాలు పిలవండి. ముందు ఏం జరిగిందో అడగండి, తర్వాత మీరు చూసింది చెప్పండి, చివర్న ఏం మారాలో చెప్పండి. అదే మనిషి అదే తప్పు మూడోసారి చేస్తే ఓనర్ గారి ముందే మాట్లాడండి, కాదనం. అదీ గదిలోనే.

ఓనర్ గారు గ్రూపులో ఉన్నారు, మీరు పట్టించుకుంటున్నారని ఆయనకి కనబడాలి కదా. ఆ ఇబ్బంది అర్థం చేసుకోగలను. దానికి సాయంత్రం మీరు పంపే డిస్పాచ్ రిపోర్టులో రెండు లైన్లు చేర్చుకోవచ్చు: ఇవాళ ఎన్ని వాపసులు, కారణం, ఏం సరిచేశాం. కావాలంటే ఆ లెక్క రోజూ ఆరింటికల్లా నేనే తీసి మీకు ఇస్తాను.

మా వైపు నుంచి కూడా ఒక మాట. తప్పు జరిగితే జరిగిన గంటలోపు మేమే మీకు ఫోన్ చేసి చెబుతాం. ప్యాకింగ్‌లో తొమ్మిది మందితోనూ మాట్లాడాను, అందరూ సరేనన్నారు. మీరు తిట్టినా వింటాం, తలుపు వేసి ఉంటే చాలు.

చివరిగా సురేష్ గురించి. అతను నన్ను రాయమనలేదు, రాస్తున్నానని కూడా తెలియదు. బుధవారం నుంచి టిఫిన్ దగ్గర కూర్చోవడం లేదు, పెట్టెలు సర్దుకుంటూ నిలబడే తింటున్నాడు. పొరపాటు స్లిప్‌దని మీ నోటితో ఒక మాట అతనికి చెప్పండి. గ్రూపులో కూడా పెడితే, ఆ రాత్రి చదివిన 26 మందికీ తెలుస్తుంది.

సోమవారం మధ్యాహ్నం రెండో ట్రిప్ బండ్లు వెళ్లాక మూడింటికి మీ క్యాబిన్‌కి వస్తాను, పది నిమిషాలు చాలు. ఐటెమ్ మాస్టర్ లిస్టు తెస్తాను. ఫ్రిజ్ గుర్తు లేని ఐటెమ్‌లు ఇంకో మూడు దొరికాయి, అవి కూడా అప్పుడే చూసేద్దాం. ఆ టైం కుదరకపోతే ఇక్కడే చెప్పండి.

విజయ
బిల్లింగ్