రెండు ఫుల్

మధ్యాహ్నం రెండున్నర దాటింది. రాజమండ్రి కోటగుమ్మం దగ్గరి మెస్సులో రద్దీ తగ్గి, సత్తిబాబు బల్లలు తుడుస్తున్నాడు. అప్పుడు ఆటో దిగారు ఆ దంపతులు. అరవై దాటిన ఇంగ్లీషువాళ్లు, అలన్, మార్గరెట్. ఎండకి ఇద్దరి ముఖాలూ ఎర్రబడిపోయి ఉన్నాయి.

"ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూసొస్తున్నారండి. ఆకలంటున్నారు" అని చెప్పాడు ఆటో అతను.

గల్లాపెట్టె దగ్గర కునికిపాట్లు పడుతున్న సుబ్బారావుగారు ఆ మాటకి లేచి నిలబడ్డారు. ఆయన తాతది కోనసీమ వ్యవసాయం. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేయకపోతే తమ ఇంట్లో గాదె అనేదే ఉండేది కాదని పెద్దాయన చెబుతూ పోయాడు.

"ఒరే సత్తిబాబూ, ఆ దొర దేశం వాళ్లురా. మర్యాదకి లోటు రాకూడదు."

"ఆయ్, నేను చూసుకుంటానండీ."

పక్క బల్ల మీది స్టీలు కంచాన్ని చూపించి అదే కావాలన్నారు వాళ్లు. ప్లేట్ మీల్స్. ముద్దపప్పులో ఆవకాయ కలిపి నెయ్యెలా వేసుకోవాలో సత్తిబాబే చూపించాడు. మొదటి ముద్దకి అలన్ కళ్లలో నీళ్లు తిరిగాయి, రెండో ముద్దకి నవ్వాడు. పెరుగుతో సహా ఇద్దరూ కంచాలు ఖాళీ చేసేశారు.

గోదావరి జిల్లాలో మారు అడక్కుండా ఎవరినీ లేవనివ్వరు. సత్తిబాబూ అడిగాడు, అన్నం గరిటె చూపిస్తూ.

మార్గరెట్ పొట్ట మీద చెయ్యేసుకుని, "ఫుల్! వెరీ ఫుల్! బోత్!" అంది.

సత్తిబాబు ముఖం వెలిగిపోయింది. ప్లేట్ సరిపోలేదన్నమాట! వంటింటి వైపు తిరిగి, "వీరన్నా, రెండు ఫుల్!" అని కేకేశాడు.

రెండు నిమిషాల్లో కంచాలు పోయి అరిటాకులు పడ్డాయి. పప్పు, దోసకాయ పచ్చడి, బెండకాయ వేపుడు, పులుసు, అప్పడం, ఆవిర్లు కక్కుతున్న అన్నం. దంపతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏదో గుసగుసలాడుకున్నాక అలన్ చొక్కా చేతులు పైకి మడిచి, యుద్ధానికి దిగినట్టు తినడం మొదలెట్టాడు. మార్గరెట్ తన ఆకుని ముట్టుకోలేదు.

సగం ఆకు అయ్యేసరికి అలన్ నుదుటి మీద చెమట. సత్తిబాబు మళ్లీ గరిటెతో వచ్చాడు.

"ప్లీజ్... ఐ యామ్ స్టఫ్డ్!"

స్టఫ్డ్ అంటే సత్తిబాబుకి బాగా తెలుసు. గోడ మీది బోర్డులో గుత్తివంకాయ పక్కన ఇంగ్లీషులో ఉన్న మాట అదేగా! అడక్క అడక్క అడిగాడు పాపం అనుకుని, నూనె తేలుతున్న నాలుగు వంకాయలు తెచ్చి అలన్ ఆకులో వేశాడు. అలన్ వాటి వైపు చూసి కళ్లు మూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే సుబ్బారావుగారి మనవరాలు లాస్య కాలేజీ నుంచి వచ్చింది. ఆయాసపడుతున్న పెద్దమనిషిని చూసి ఏమైందని ఇంగ్లీషులో అడిగింది. మార్గరెట్ చెబుతూ ఉంటే లాస్య బల్ల పట్టుకుని నవ్వడం మొదలెట్టింది.

"సత్తిబాబు బాబాయ్, ఫుల్ అంటే కడుపు నిండిందని! స్టఫ్డ్ అన్నా అదే! ఇది మన ఆచారమేమో, వద్దంటే నువ్వు బాధపడతావేమోనని పాపం ఆయన కష్టపడి తింటున్నారు!"

సత్తిబాబు చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "అయ్యయ్యో, ఎంత పని చేశానండీ" అని చేతులు జోడించాడు. అలన్ గట్టిగా నవ్వి అతని భుజం తట్టాడు. "రెండో భోజనానికి డబ్బులు తీసుకోనని చెప్పమ్మా" అన్నారు సుబ్బారావుగారు.

మార్గరెట్ మాత్రం ముట్టని తన ఆకు వైపు చూసి లాస్యని ఒక్కటే అడిగింది: ఇతను తిన్నాడా?

తినలేదు. మెస్సులో పనివాళ్లు తినేసరికి నాలుగవుతుంది.

ఆమె సత్తిబాబు చెయ్యి పట్టుకుని తన కుర్చీలో కూర్చోబెట్టింది. అతను యజమాని వైపు బెదురుగా చూశాడు. "కూర్చోరా, అతిథి పెడుతుంటే కాదంటావా?" అన్నారాయన. మార్గరెట్ గరిటె అందుకుని నెయ్యి ధారగా పోసింది. పొద్దున ఇడ్లీ తర్వాత అతను ఏమీ తినలేదు. మొదట సిగ్గుపడ్డాడు, తర్వాత ఆవురావురుమని తిన్నాడు. ఆమె పప్పు వేసింది, పులుసు పోసింది, మళ్లీ అన్నం పెట్టింది. లాస్య ఆమె చెవిలో ఏదో చెప్పింది.

"మారు?" అంది మార్గరెట్.

సత్తిబాబు రెండు చేతులూ ఆకుకి అడ్డం పెట్టాడు. "వద్దండీ! ఫుల్ అండీ, ఫుల్!"

మార్గరెట్ గరిటె పైకెత్తి వంటింటి వైపు తిరిగింది.

"వీరన్నా! రెండు ఫుల్!"

లోపలున్న వీరన్నకి ఈ గొడవేదీ తెలియదు. వెంటనే రెండు ఆకులు కడిగాడు.