తాతయ్య కట్టిన కంకుల కుచ్చు: కథకు బొమ్మల పుస్తకం అమరిక

పేజీ 1
కోతలయ్యాయి. తాతయ్య వరికంకులతో కుచ్చు అల్లి చూరుకు కట్టాడు.
బొమ్మ: పెంకుటిల్లు. తాతయ్య చేతులే పెద్దగా, ముఖం అక్కర్లేదు.

పేజీ 2
“ఎవరికి తాతయ్యా?” అంది చిన్ని.
“వచ్చాక చూద్దువుగాని.”
బొమ్మ: మునివేళ్ల మీద చిన్ని.

పేజీ 3
ఒక రోజు. రెండు రోజులు. ఎవరూ రాలేదు.
బొమ్మ: ఎండ, వెన్నెల, మంచు. కుచ్చు మాత్రం కదలదు. (అసలు కథలో ఇక్కడ ఉన్న అమ్మమ్మ మాటలు తీసేశాను, ఈ నిశ్శబ్దం కావాలి.)

పేజీలు 4–5 కలిపి
కిచ్! కిచకిచ! కిచకిచకిచ!
బొమ్మ: నిండా పిచ్చుకలు. మగవాటికి గొంతు కింద నల్లమచ్చ మరవద్దు. అక్షరాలు కూడా ఎగరాలి.

పేజీ 6
కుచ్చు ఖాళీ.
“ఇంకొకటి కడదామా తాతయ్యా?”
బొమ్మ: చిన్ని జడలో ఒక వడ్లగింజ. దాన్నే చూస్తున్న పిచ్చుక. మాటల్లో చెప్పవద్దు, పిల్లలే కనిపెడతారు.