విషయం: పొందూరు ఖద్దరు వ్యాసంపై మీ మెయిల్‌కు జవాబు

మేడమ్ గారికి నమస్కారం.

పొందూరు ఖద్దరు వ్యాసం ఏఐతో రాయించిందని, అందుకే మిగతా సగం డబ్బు ఆపుతున్నామని రాశారు. ఆ వ్యాసంలో ప్రతి వాక్యం నేను రాసిందే. ఫోన్‌లో వాయిస్ టైపింగ్ మాత్రం వాడాను, అదీ రికార్డింగులు విని నోట్సు ఎక్కించుకోవడానికి.

మీ స్క్రీన్‌షాట్‌లో 87 శాతం ఏఐ అన్న అంకె పక్కన ఉన్నది ఇంగ్లీషు పాఠం. అంటే నా తెలుగును ట్రాన్స్‌లేట్ యాప్‌లో ఇంగ్లీషు చేసి, దాన్ని ఏఐ రాతను పట్టే డిటెక్టర్‌లో పెట్టారు. ఆ ఇంగ్లీషు కూర్పు యంత్రానిదే కదండీ. డిటెక్టర్ కొలిచింది దాన్నే. నేరుగా తెలుగు పెట్టినా ఆ అంకెను నమ్మలేం. తర్వాత వచ్చే మాటను ఎంత సులువుగా ఊహించవచ్చో చూసి ఇలాంటి పరికరాలు తీర్పు చెప్తాయి, అందుకే మనిషి సాఫీగా రాసినా యంత్రం రాసిందనేస్తాయి. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ సంస్థే తన డిటెక్టర్‌ను కచ్చితత్వం తక్కువని 2023 జులైలో తీసేసింది.

మీరు ఎర్రగీత పెట్టిన పేరా పత్తి శుభ్రం చేసే పని గురించి: గింజ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వడం, ఏకులు చుట్టడం, వాటిని ఎండిన అరటి దొప్పలో పెట్టుకోవడం. వాక్యాలన్నీ ఒకే తీరుగా ఉన్నాయన్నారు. పని ఆ వరసలోనే జరుగుతుంది, దాన్ని ముందువెనకలు చేస్తే చదివేవాళ్లకు అర్థం కాదు. విసుగనిపిస్తే చెప్పండి, ఒప్పందంలో ఉన్న సవరణ కింద ఆ పేరా తిరగరాస్తాను. అది శైలి కోసం చేసే మార్పే గానీ, ఆరోపణ ఒప్పుకున్నట్టు కాదు.

రుజువుకి వ్యాసం రాసిన గూగుల్ డాక్స్ లింకు జతచేశాను. వ్యూయర్‌గా ఇస్తే పాత వెర్షన్లు కనపడవు కాబట్టి ఎడిటర్‌గా ఇచ్చాను. కంప్యూటర్‌లో తెరిచి File → Version history → See version history నొక్కండి. కాపీ మాత్రం తీయకండి, కాపీలో పాత చరిత్ర రాదు. ఎక్కడినుంచో తెచ్చి అతికించిన వ్యాసమైతే మొత్తం ఒక్కసారే ప్రత్యక్షమవుతుంది. ఇందులో పేరాలు విడివిడిగా పెరగడం, కొట్టేసిన వాక్యాలు, మజూరీ భాగం చివర్నుంచి మధ్యకు జరగడం కనిపిస్తాయి. చూసి మళ్లీ టైపు చేశారేమో అన్న అనుమానం రావచ్చు. అందుకే వడికే ఆమెతో మాట్లాడిన రికార్డింగు కూడా పెట్టాను. వ్యాసంలో ఆమె చెప్పినట్టు రాసిన ప్రతి మాటకూ ఎదురుగా నిమిషం వేశాను. ఆ ఆడియో మీ పరిశీలనకే, ఇంకెవరికీ పంపొద్దు.

ఇవి చూశాక కూడా సందేహం ఉంటే ఏ వాక్యమో చెప్పండి, అది ఎక్కడినుంచి వచ్చిందో ఫోన్‌లో వివరిస్తాను. లేకపోతే బిల్లులో మిగిలిన 3,000 రూపాయలు ఈ శుక్రవారంలోగా పంపగలరు. వ్యాసం వద్దనుకుంటే ఆ మాటే మెయిల్‌లో రాయండి. బాకీ తీరేదాకా హక్కులు నావేనని ఒప్పందంలో ఉంది కాబట్టి అప్పటిదాకా దాన్ని ఎక్కడా వేయకండి.

ఇట్లు,
రమణ
విజయనగరం