సెలవు దరఖాస్తు: ఎనిమిదో తరగతి, పి. హరిణి

బొరివంక,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా.
10-11-2025, సోమవారం.

క్లాస్ టీచర్ గారికి,
ఎనిమిదో తరగతి, ఎ సెక్షన్,
జవహర్ నవోదయ విద్యాలయ, వెన్నెలవలస.
(ప్రిన్సిపల్ గారి అనుమతి కోసం)

విషయం: మా అమ్మాయి పి. హరిణికి 14-11-2025 శుక్రవారం మధ్యాహ్నం నుంచి 18-11-2025 మంగళవారం వరకు సెలవు కోరుతూ.

నమస్కారం మేడమ్.

నేను హరిణి తండ్రిని, పేరు లోకనాథం. మీది ఉత్తరప్రదేశ్ అని, తెలుగు చదవలేరని మా పాప చెప్పింది. నాకేమో ఇంగ్లీషులో ఇంత రాయడం రాదు. అందుకని తెలుగులోనే రాసి ఫోటో తీసి మీ తెలుగు మాస్టారికి వాట్సాప్‌లో పంపుతున్నాను. ఆయన ఇంగ్లీషులోకి మార్చి మీకిస్తామన్నారు. ఈ కాగితం ఒరిజినల్ శుక్రవారం నేనే తెచ్చి ఆఫీసులో ఇస్తాను. కొంచెం పెద్దదయింది, ఏమీ అనుకోకండి. రెండు ముక్కల్లో రాస్తే మీకు అనుమానాలే మిగులుతాయి.

సెలవు మా అమ్మ కోసం, అంటే హరిణి నాయనమ్మ కోసం. ఆమెకి కిడ్నీ జబ్బు. 17వ తేదీ సోమవారం శ్రీకాకుళం ఆసుపత్రిలో ఎడమ చేతికి ఫిస్ట్యులా ఆపరేషన్ ఉంది.

మా ఉద్దానం సంగతి మీరు వినే ఉంటారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎన్నో ఏళ్లుగా ఈ జబ్బు ఉంది. షుగరు, బీపీ లేనివాళ్లకి కూడా వస్తోంది. డాక్టర్లు ఎందరో వచ్చి నీళ్లు, మట్టి, రక్తం పట్టుకెళ్లారు. ఇదీ కారణమని ఇంతవరకు ఎవరూ తేల్చి చెప్పలేదు. ఇప్పుడు హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో వస్తున్నాయి, పలాసలో కిడ్నీల కోసమే ఆసుపత్రి కట్టారు. మా అమ్మ మాత్రం పుట్టినప్పటినుంచీ ఇక్కడి బావి నీళ్లే తాగిన మనిషి.

హరిణి దసరా సెలవులకి వచ్చినప్పుడు అమ్మ బాగానే తిరుగుతోంది. కాళ్లు వాచేవి, అన్నం సయించేది కాదు, మందులతో సరిపెట్టుకుంటున్నాం. పాప హాస్టల్‌కి వెళ్లాక క్రియాటినిన్ తొమ్మిది దాటింది, ఆయాసం మొదలైంది. అక్టోబరు ఆఖర్లో డయాలసిస్ పెట్టారు. ఇప్పుడు మంగళ, గురు, శనివారాలు సోంపేట తీసుకెళ్తున్నాం. మంచమెక్కితే నాలుగు గంటలు.

మేడమ్, డయాలసిస్ సంగతి పాపకి ఇంకా తెలియదు. ఫోన్ చేసినప్పుడల్లా నాయనమ్మకి ఫోనివ్వమంటుంది. అమ్మ కూడా గొంతు సరిచేసుకుని బాగున్నానే చెబుతోంది. ఇంటికొచ్చి మెడలో పైపు చూస్తే ఏమైపోతుందోనని నాకు టెన్షన్‌గా ఉంది. మెడ పక్కన ప్లాస్టర్ వేసి, దాని మీద గుడ్డ చుట్టి ఉంటుంది. పైపు చివర రెండు మూతలు, ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. బయటికి కనిపించకుండా అమ్మ కొంగు కప్పుకుంటుంది. అందుకని నా మనవి ఏమిటంటే, దయచేసి ఈ ఉత్తరం పాపకి చదివి వినిపించవద్దు. నాయనమ్మ చూడాలంటోంది, నాన్న తీసుకెళ్తారు అని మాత్రం చెప్పండి. మిగతాది రైల్లో నేను చెప్పుకుంటాను. ఆమదాలవలస నుంచి సోంపేట దాకా చాలినంత టైముంటుంది.

ఫిస్ట్యులా అంటే డాక్టరు గారు మాకు చెప్పినట్టే రాస్తున్నాను. ముంజేతిలో ధమనిని, సిరని కలిపి కుడతారు. రక్తం జోరుగా వచ్చి ఆ సిర ఉబ్బి గట్టిపడుతుంది. తర్వాత డయాలసిస్ సూదులు అక్కడే గుచ్చుతారు. అది పనికి రావడానికి నెల, రెండు నెలలు పడుతుంది. అప్పటిదాకా మెడ పైపే దిక్కు. పైపు ఎక్కువ రోజులుంటే ఇన్‌ఫెక్షన్ భయం, అందుకే ఆపరేషన్ వాయిదా వెయ్యొద్దన్నారు. ప్రాణం మీదికొచ్చే ఆపరేషన్ కాదు, మత్తు కూడా చేతి వరకే. కానీ మా అమ్మ ఒప్పుకోవడం లేదు. "నా గుంట మొకం సూడకుండా నా సెయ్యి కొయ్యనివ్వను" అని కూర్చుంది. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. మొదట డేటు వినగానే కార్తీక సోమవారం కత్తి పడకూడదని ఒక గొడవ. అది డాక్టరు గారే నచ్చజెప్పారు. ఈ రెండో గొడవ మాత్రం ఆయన వల్లా కాలేదు.

హరిణి చిన్నప్పుడు నా భార్య, నేను తోట పనులకి పోతే పిల్ల అమ్మ దగ్గరే ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి మా ఇంటి రేకులు లేచిపోయాయి. అప్పుడు హరిణికి ఆరేళ్లు. గోడ వార నవారు మంచం కింద పిల్లని ఒడిలో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చుంది మా అమ్మ. తెల్లారి చూస్తే మా కొబ్బరి చెట్లలో సగానికి పైగా నేల మీదున్నాయి. అమ్మ వాటివంక చూడలేదు. పిల్లకి గంజి కాచాలని ఎండు పుల్లలు వెతుక్కుంటూ తిరిగింది. అందుకే ఇప్పుడు ఆమె అడిగితే నేను కాదనలేకపోతున్నాను.

ఇంకో మాట తిన్నగా చెప్పేస్తాను. పదమూడేళ్ల ఆడపిల్లని ఉన్నట్టుండి ఇంటికి పంపమంటే మీకు వేరే అనుమానాలు రావచ్చు. మీరు అడగాల్సిందే, తప్పు లేదు. ఇంట్లో పెళ్లి మాటలేమీ లేవు. వంటకీ చాకిరీకీ పిల్లని పిలవడం లేదు. ఇంటిపని, అమ్మ పని నా భార్య చూసుకుంటోంది, మా అక్క కూడా వచ్చి ఉంది. హరిణి చెయ్యాల్సింది నాయనమ్మ పక్కన కూర్చోవడమే. మహా అయితే కొబ్బరి నీళ్ల దగ్గర కాపలా. డయాలసిస్ వాళ్లకి కొబ్బరి నీళ్లు పడవు, పొటాషియం ఎక్కువట. పనస కూడా వద్దన్నారు. మంచినీళ్లు కూడా కొలిచి ఇవ్వాలి. ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లు పెట్టుకుని వద్దంటే మా అమ్మ వినే మనిషి కాదు. మేం అటు తిరిగితే బొండాం కొట్టించుకుంటోంది. మనవరాలు చెబితే వింటుంది.

మా ప్రయాణం ఇలా అనుకున్నాం. శుక్రవారం బాలల దినోత్సవంలో పాప గ్రూప్ డాన్సులో ఉందట. అది మానిపించను. ప్రోగ్రాం అయ్యాకే నేను వచ్చి తీసుకెళ్తాను. శనివారం అమ్మకి సోంపేటలో డయాలసిస్. ఆదివారం అందరం ఇంట్లోనే. సోమవారం తెల్లవారుజామునే కారు మాట్లాడుకుని శ్రీకాకుళం వెళ్తాం, ఆపరేషన్ అయ్యాక సాయంత్రానికి పంపేస్తామన్నారు. మంగళవారం మళ్లీ డయాలసిస్. బుధవారం, 19వ తేదీ పొద్దున మొదటి పీరియడ్‌కల్లా పాపని నేనే దింపుతాను. సోమవారం శ్రీకాకుళం వచ్చినప్పుడే దగ్గర కదా అని దింపేద్దామనుకున్నాను గానీ, ఆపరేషన్ అయిన రాత్రి అమ్మ పక్కన పాప ఉంటే బాగుంటుందని ఒక రోజు ఎక్కువ అడుగుతున్నాను.

శని, సోమ, మంగళవారాల పాఠాలు పోతాయి. లెక్కల్లో పాప కొంచెం వెనక అని మీరు పోయిన మీటింగులో చెప్పింది నాకు గుర్తుంది. ఆ మూడు రోజుల హోంవర్కు రాసి పంపితే దగ్గరుండి చేయిస్తాను. నాకు లెక్కలు వచ్చు, తెలుగు మీడియంలో ఇంటర్ ఎంపీసీ చదివాను. యూనిట్ టెస్ట్ ఏదైనా ఆ రోజుల్లో ఉంటే తర్వాత పెట్టే వీలుంటుందేమో చూడండి. లేకపోతే ఆ మార్కులు పోయినా మాకు అభ్యంతరం లేదు.

ఒకటి మరిచాను. హాస్టల్లో పిల్లలకి జలుబు, జ్వరాలు తిరుగుతుంటే దయచేసి ముందే చెప్పండి. పాపకి దగ్గున్నా సరే తీసుకెళ్తాను గానీ, మాస్కు పెట్టి ఒక మంచం దూరంలో కూర్చోబెడతాను. ఉదయగిరి హౌస్ మిస్ట్రెస్ గారికి కూడా ఈ సంగతి తెలియజేయగలరు.

పైన చెప్పిన రోజులకి మా అమ్మాయికి సెలవు ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
పి. లోకనాథం
(హరిణి తండ్రి)

జత: డాక్టరు గారు రాసిచ్చిన ఆపరేషన్ డేటు చీటీ జిరాక్సు, సోంపేట డయాలసిస్ కార్డు జిరాక్సు.

తెలుగు మాస్టారి జవాబు, 11-11-2025, వాట్సాప్‌లో:

లోకనాథం గారూ, నమస్తే. మీ ఉత్తరం రాత్రే ఇంగ్లీషులోకి రాసి పొద్దున మేడమ్‌కి ఇచ్చాను. ఆఫీసు ఫైలు కోసం తేదీలు, కారణం, ఎవరు తీసుకెళ్లి ఎవరు దింపుతారు అన్నది పైన నాలుగు లైన్లలో పెట్టాను. కింద మీరు రాసిందంతా వరసగా ఉంచాను. తుఫాను సంగతి సెలవు కాగితంలో ఎందుకు, తీసేద్దామా అనుకున్నాను. మేడమ్ చదివి ఆ పేరా దగ్గరే ఆగారు, ఉంచడమే మంచిదయింది. మీ అమ్మగారి మాట మాత్రం ఇంగ్లీషులో అంత గట్టిగా రాలేదు. అందుకని తెలుగులో ఎలా అన్నారో పలికి వినిపించాను.

మేడమ్ రెండు సంగతులు అడిగారు. సోమవారం ఆసుపత్రిలో మీరు లోపల ఉన్నప్పుడు పాప పక్కన ఎవరుంటారు? దీనికి రెండు ముక్కల్లో జవాబు పెట్టండి, మీ అక్కగారు వస్తున్నారంటే ఆవిడ పేరు, ఫోన్ నంబరు కూడా. రెండోది, పాపకి విషయం చెప్పేది మీరే కాబట్టి, బుధవారం దింపినప్పుడు ఒక పది నిమిషాలు మేడమ్‌ని కలిసి వెళ్లమన్నారు. పాప ఎలా ఉందో తెలిస్తే ఆ వారం క్లాసులో, హౌస్‌లో కొంచెం కనిపెట్టుకుని ఉంటామన్నారు.

ప్రిన్సిపల్ గారు సంతకం పెట్టేశారు. శుక్రవారం ప్రోగ్రాం పన్నెండుకి అయిపోతుంది. పిల్లలకి ఆ రోజు మెస్‌లో స్పెషల్ భోజనం ఉంది, పాపని తిననిచ్చి ఒంటిగంటకి రండి. మీ ఆధార్ ఒరిజినల్, స్కూలు ఇచ్చిన పేరెంట్ కార్డు రెండూ ఉండాలి. కార్డు మీద మీ ఫోటో లేకపోతే గేటు దగ్గర ఆపేస్తారు. లెక్కల సారు మూడు రోజుల లెక్కలు ఒక కాగితం మీద రాసిచ్చారు, అది పాప బ్యాగులో పెట్టిస్తాను.