లెక్క వచ్చు, కానీ వాక్యం అర్థం కాదు: 5వ తరగతి పద సమస్యల పాఠం

ఈ పాఠం 45 నిమిషాల పీరియడ్‌ కోసం రాశాను, సోమవారం మీరు క్లాస్ తీసుకుంటున్నారు కాబట్టి ఎక్కడ ఏం అడగాలో కూడా దాదాపు మాట మాటా రాసేశాను. క్లాసులో 28 మంది ఉన్నారు. 48లోంచి 12 తీసేయమంటే అందరూ చేస్తారు, అదే రెండు వాక్యాల కథలో పెట్టి ఇస్తే ఓ పది పన్నెండు మంది పెన్ను పట్టుకుని మన మొహం చూస్తారు, ఆ తర్వాత వచ్చే ప్రశ్న మీకూ తెలుసు, "కూడికా, తీసివేతా టీచర్?" అని. వీళ్ళలో కొందరికి ఇంట్లో మాట్లాడే భాష వేరు, కొందరు ఇంకా కూడబలుక్కునే చదువుతున్నారు, ఇంకొందరు గడగడా చదివేస్తారు కానీ చదివింది చెప్పమంటే చెప్పలేరు. ఈ మూడో రకం వాళ్ళు మనకి తొందరగా కనిపించరు, వాళ్ళ మీదే ఎక్కువ కన్నేసి ఉంచండి.

పాఠం అంతటికీ ఒకటే సూత్రం, కథ అర్థమయ్యేదాకా అంకెలు పిల్లల కంట పడకూడదు. అంకె కనిపించిందంటే చెయ్యి ఆగదు, ఏదో ఒకటి కలిపేస్తారు. 1980లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో చిన్న పిల్లలకి ఒక లెక్క ఇచ్చారు, ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత అని. 97 మందిలో 76 మంది ఆ అంకెలతోనే ఏదో చేసి జవాబు చెప్పారు. ఆ పిల్లలు తెలివితక్కువ వాళ్ళేం కాదు, లెక్క అన్నాక జవాబు చెప్పి తీరాలని అలవాటు పడిపోయారంతే. మన పిల్లలకీ అదే అలవాటు ఉంది.

క్లాసుకి వెళ్ళేముందు ఒక పని. గోడ మీద "ఎక్కువ అంటే కూడాలి, తక్కువ అంటే తీసెయ్యాలి" అని చార్ట్ ఉంది కదా, దాన్ని దయచేసి తీసేయండి. ఈరోజు లెక్క ఆ చార్ట్‌ని నమ్మితే తప్పే వస్తుంది, అందుకే కావాలని ఈ లెక్క ఎంచుకున్నాను.

ఈరోజు లెక్క

లైబ్రరీలో మొదటి అరలో ఉన్న 48 పుస్తకాలు రెండో అరలో ఉన్న వాటికంటే 12 ఎక్కువ అయితే, రెండు అరల్లోనూ కలిపి ఉన్న పుస్తకాలెన్ని?

దీన్ని బోర్డు మీద పెద్ద అక్షరాలతో ముందే రాసి, 48 మీదా 12 మీదా కాగితం ముక్కలు అంటించేయండి. పిల్లలు వచ్చేసరికి అంకెలు కనపడకూడదు.

మొదటి మెట్టు: అంకెల్లేని కథ (10 నిమిషాలు)

మీరే రెండుసార్లు చదవండి, నిదానంగా, పాఠంలా కాకుండా ఎవరికో విషయం చెప్తున్నట్టు. మూసిన చోట "కొన్ని" అనండి. పిల్లల చేత ఇప్పుడే చదివించొద్దు, తడబడేవాళ్ళకి చదవడమే పెద్ద పనైపోయి కథ జారిపోతుంది.

అప్పుడు అడగండి: "ఇది ఎక్కడ జరుగుతోంది? ఎన్ని అరలున్నాయి? దేనిలో ఎక్కువున్నాయి?" మూడో ప్రశ్న దగ్గర ఆగండి. చాలామంది "రెండో దాంట్లో" అంటారు, ఎందుకంటే "ఎక్కువ" అనే మాటకి ముందు వాళ్ళు విన్నది "రెండో అర" కాబట్టి. తప్పు అనకండి, "ఇంకొకసారి వినండి" అని మళ్ళీ చదవండి, "వాటికంటే" దగ్గర కొంచెం ఒత్తి పలకండి.

అయినా తేలకపోతే ఇద్దరు పిల్లల్ని ముందుకి పిలవండి, ఒకళ్ళు మొదటి అర, ఒకళ్ళు రెండో అర. మొదటి వాళ్ళ చేతిలో పుస్తకాల పెద్ద దొంతర పెట్టండి, రెండో వాళ్ళ చేతిలో చిన్నది. "మొదటి అరలోవి రెండో అరలో వాటికంటే ఎక్కువ, నిజమేనా?" అనండి. చూస్తారు, నిజమే అంటారు. ఇప్పుడు దొంతరలు అటూ ఇటూ మార్చి అదే వాక్యం అనండి. "కాదు కాదు" అని అరుస్తారు. ఆ అరుపు వచ్చిందంటే వాక్యం బుర్రలోకి వెళ్ళినట్టే, రాకపోతే ఇంకో ఇద్దరితో మళ్ళీ చేయించండి, టైం పోయినా ఫర్వాలేదు, వెనకాల ఉన్న మెట్లలో తగ్గించుకుందాం.

ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలు పక్కవాళ్ళకి వాళ్ళ భాషలో చెప్పుకుంటే చెప్పుకోనివ్వండి. కథ ఏ భాషలో అర్థమైనా మనకి పనికొస్తుంది.

రెండో మెట్టు: పెద్ద వాక్యాన్ని ముక్కలు చెయ్యడం (8 నిమిషాలు)

మన పుస్తకాల్లో లెక్కలు "ఉన్న, అయితే, పోగా, మిగిలిన" అంటూ ఒకే వాక్యంలో మూడు సంగతులు కుక్కేసి ఉంటాయి. ఎవరు ఏం చేశారో చివరిదాకా తేలదు, ఈలోపు మొదట్లో ఏముందో మర్చిపోతారు. అందుకని విడగొట్టి రాయాలి, ఒక్కో వాక్యంలో ఒక్కటే సంగతి. పిల్లలు చెప్తుంటే మీరు బోర్డు మీద రాయండి:

మొదటి అరలో కొన్ని పుస్తకాలున్నాయి.
రెండో అరలో కూడా కొన్ని ఉన్నాయి.
మొదటి అరలో ఎక్కువున్నాయి.
రెండో అరలో తక్కువున్నాయి.

నాలుగోది లెక్కలో ఎక్కడా లేదు కదా అని ఎవరైనా అంటే చాలా సంతోషించండి, గట్టిగా మెచ్చుకోండి. లెక్కలో లేకపోయినా మూడో వాక్యం నుంచి అది వచ్చేసింది, ఈ లెక్క తాళం అక్కడే ఉంది. మూడునీ నాలుగునీ పక్కపక్కన చూపించి, "ఈ రెండూ ఒకే మాటేనా?" అని అడిగి వాళ్ళ చేతే చెప్పించండి.

తర్వాత ప్రశ్నని మామూలు వాక్యంగా మార్చమనండి. "పుస్తకాలెన్ని?" అన్నదాన్ని "రెండు అరల్లో కలిపి ఇన్ని పుస్తకాలున్నాయి" అని చెప్పించండి. ఏం కనుక్కోవాలో నోటితో చెప్పలేని పిల్లాడు దాన్ని కనుక్కోలేడు, అందుకే కనీసం ఆరేడుగురి చేత విడివిడిగా చెప్పించండి, అందరి చేతా కోరస్‌గా చెప్పిస్తే ఎవరికొచ్చిందో ఎవరికి రాలేదో తెలీదు.

మూడో మెట్టు: బొమ్మ (7 నిమిషాలు)

రెండు పట్టీలు గియ్యమనండి, ఒకదాని కింద ఒకటి, ఎడమ వైపు అంచులు కలవాలి. పైది మొదటి అర, కిందది రెండో అర. ఏది పొడుగ్గా ఉండాలో వాళ్ళే చెప్పాలి. పుస్తకాల బొమ్మలు గీస్తూ రంగులు వేస్తూ కూర్చునేవాళ్ళుంటారు, వాళ్ళకి పట్టీ చాలు అని మెల్లగా చెప్పండి.

ఇప్పుడు కాగితం ముక్కలు తీసేయండి. 48 ఎక్కడ రాయాలి, 12 ఎక్కడ రాయాలి? 48 పొడుగు పట్టీ మీద, 12 పైపట్టీలో మిగిలిపోయిన ఆ కొస ముక్క మీద. 12ని తీసుకెళ్ళి కింది పట్టీలో రాసేవాళ్ళు కొందరుంటారు, అంటే వాళ్ళకి రెండో అరలో 12 పుస్తకాలున్నాయని అర్థమైందన్నమాట. వాళ్ళని మళ్ళీ ఆ నాలుగు చిన్న వాక్యాల దగ్గరికి తీసుకెళ్ళండి, చెరిపేసి సరైన చోట మీరే రాసెయ్యకండి.

లెక్క చేసేముందు ఒక్క ప్రశ్న: "రెండో అరలో ఉన్నవి 48కి పైనా, లోపా?" చేతులెత్తించండి. ఇది వదలొద్దు.

నాలుగో మెట్టు: లెక్క, జవాబు (5 నిమిషాలు)

48 − 12 = 36
48 + 36 = 84

ఇక్కడ ఎక్కువసేపు ఉండక్కర్లేదు, ఇది వాళ్ళకి వచ్చు. 60 అని కానీ 108 అని కానీ వచ్చిన వాళ్ళుంటే, "అయితే రెండో అరలో 60 ఉన్నాయన్నమాట, మరి మొదటి దాంట్లో ఎక్కువున్నాయా?" అని అడిగితే వాళ్ళే దిద్దుకుంటారు. జవాబు ఉత్త 84 అని రాస్తే ఒప్పుకోకండి, ఇందాక చెప్పిన వాక్యంలో "ఇన్ని" తీసేసి 84 పెట్టి పూర్తి వాక్యం రాయాలి. రాయడం కష్టమైన వాళ్ళు నోటితో చెప్పినా చాలు, ఇది లెక్కల పీరియడ్, అక్షర దోషాలకి ఎర్ర పెన్ను వద్దు.

ఐదో మెట్టు: జంటలుగా (10 నిమిషాలు)

వరసకి 6 చొప్పున 8 వరసల్లో వేసిన కుర్చీల్లో 5 విరిగిపోగా మిగిలినవెన్ని?

గడగడా చదివే వాళ్ళనీ కూడబలుక్కునే వాళ్ళనీ కలిపి కూర్చోబెట్టండి. చదివేది ఒకరు, ముక్కలు చేసి చెప్పేది రెండోవాళ్ళు, పెన్ను మాత్రం చెప్పేవాళ్ళ చేతిలోనే ఉండాలి, లేకపోతే చదువొచ్చినవాళ్ళే మొత్తం చేసేస్తారు. "చొప్పున" దగ్గర కచ్చితంగా ఆగుతారు. అర్థం చెప్పకుండా ఒక వరస గియ్యమనండి, తర్వాత రెండో వరస, "దీన్లో ఎన్ని?" అని అడగండి. మూడో వరసకొచ్చేసరికి వాళ్ళకే అర్థమవుతుంది. జవాబు 48 − 5, అంటే 43. "విరిగిపోగా" అంటే ఎన్ని విరిగాయి, ఎన్ని బాగున్నాయి అని రెండూ అడగండి, విరిగినవే లెక్కపెట్టాలనుకునే వాళ్ళు కూడా ఉంటారు.

తొందరగా అయిపోయిన జంటలకి 20 − 7 ఇచ్చి దానికి కథ చెప్పమనండి, అందులో "ఎక్కువ" అనే మాట రావాలని షరతు పెట్టండి. కష్టమైనదే, కానీ బాగా ఇష్టపడతారు.

చివరి 5 నిమిషాలు

తలా ఒక చీటీ. దాని మీద ఈ లెక్క: "అక్క దగ్గర 15 పెన్సిళ్ళున్నాయి. తమ్ముడి దగ్గర ఉన్న వాటికంటే ఇవి 4 తక్కువ. తమ్ముడి దగ్గర ఎన్ని?" లెక్క చెయ్యక్కర్లేదు, పట్టీల బొమ్మ గీసి ఎవరి పట్టీ పొడుగో చూపించి ఇచ్చేస్తే చాలు. తమ్ముడి పట్టీ పొడుగ్గా గీసినవాళ్ళకి పాఠం అందినట్టు.

అక్క పట్టీ పొడుగ్గా గీసినవాళ్ళని మంగళవారం ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టండి. 1977లో ఆస్ట్రేలియాలో యాన్ న్యూమన్ అనే ఆవిడ చెప్పిన ఐదు ప్రశ్నలు అప్పుడు పనికొస్తాయి, నేను మన మాటల్లో రాస్తున్నా: ఇది చదివి వినిపించు. ఏం అడుగుతున్నారో చెప్పు. ఎలా చేస్తావు? చేసి చూపించు, చేస్తూ పైకి చెప్పు. జవాబు రాయి. ఎక్కడ ఆగిపోయారో చీటీ వెనక రాసుకోండి. మొదటి ప్రశ్న దగ్గరే ఆగితే చదివే ప్రాక్టీస్ కావాలి, రెండో దగ్గరైతే అంకెల్లేని కథలు ఇంకో వారం, మూడో దగ్గరైతే పట్టీలు. నాలుగో దగ్గర ఆగిన వాళ్ళకే మామూలు కూడికలు, తీసివేతలు మళ్ళీ చేయించాలి. ఐదో దగ్గరైతే జవాబు వాక్యం రాయించడం ఒక్కటే. చీటీలు నా టేబుల్ సొరుగులో పెట్టండి, బుధవారం గ్రూపులు నేను చేస్తాను.